మూడో ప్రశ్న

అబద్ధం మూడో ప్రశ్న దాకా రాదు. ఇరవై రెండేళ్ళుగా మనుషుల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రశ్నలడిగే ఉద్యోగం చేసి నేను నేర్చుకున్నది ఇదొక్కటే. మొదటి ప్రశ్నకు అందరూ హరిశ్చంద్రులే. రెండోదానికి కుర్చీలో కదులుతారు. మూడోదానికి మంచినీళ్ళు అడుగుతారు.

మాది కాంచీపురం వైపు ఒరగడం దగ్గర కారు విడిభాగాలు అచ్చుకొట్టే ఫ్యాక్టరీ. నా పేరు మంగయర్కరసి. అంత పేరు పలికే ఓపిక ఇక్కడ ఎవరికీ లేదు కాబట్టి అరసి మేడంని. హెచ్ఆర్ నాది. టీమ్ లీడర్ ఖాళీ పడితే ఇంటర్వ్యూ ప్రశ్నలు రాసేది నేనే, అడిగేది నేనే.

నేను వచ్చిన కొత్తలో ఆ ఇంటర్వ్యూలు చూస్తే నాకు ఒళ్ళు మండేది. "లైన్‌లో గొడవైతే ఏం చేస్తావు?" అని అడగడం, "సామరస్యంగా పరిష్కరిస్తాను సార్" అని వాడనడం, వీళ్ళు తలలూపడం. ఏం చేస్తావంటే గాంధీగారిలా చెప్పనివాడెవడు? అదంతా ఎత్తేశాను. ఏం చేస్తావని అడగం, ఏం చేశావని అడుగుతాం. జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. ఎప్పుడు, ఎక్కడ, నీ మీద పడిన పనేమిటి, నువ్వు చేసిందేమిటి, చివరికేమైంది. ఆ పైన మేం తవ్వుతాం. అందరికీ అవే ప్రశ్నలు. చెప్పిన మాటలు చెప్పినట్టే రాసుకుంటాం, మా అభిప్రాయాలు కాదు. ప్రతి ప్రశ్నకూ ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. ఒకటంటే ఎలా ఉంటుందో, మూడంటే ఎలా ఉంటుందో, ఐదంటే ఎలా ఉంటుందో కాగితం మీద ముందే రాసుంటుంది. ప్యానెల్‌లో ఇద్దరం ఎవరి మార్కులు వాళ్ళం వేసుకున్నాకే నోరు విప్పాలి. ఈ పద్ధతి తెచ్చింది నేనని చెప్పుకోవడం నాకు బాగా ఇష్టంగా ఉండేది.

ప్రెస్ షాపు రెండో లైనుకు టీమ్ లీడర్ కావాల్సి వచ్చినప్పుడు తొమ్మిది మంది అర్జీ పెట్టారు. ఇంటర్వ్యూకి రెండు వారాల ముందు, మొదటి షిఫ్టు దిగాక, క్యాంటీన్‌లో అందర్నీ కూర్చోబెట్టి గంటసేపు చెప్పాను. ఇదీ నేను పెట్టిన ఆచారమే. మిషన్ల మధ్య పదేళ్ళు గడిపినవాడికి ఇంటర్వ్యూలో మాట్లాడడం ఎవరు నేర్పుతారు?

"మొట్టమొదట, 'మేము' మానెయ్యండి. 'మేము చేశాం, మేము సాధించాం' అంటే నాకు వినపడదు. మీ లైన్‌లో పన్నెండు మంది ఉన్నారు. అందులో మీరేం చేశారు?"

"గొప్పలు చెప్పుకున్నట్టు ఉండదా మేడం?" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"పెళ్ళిచూపుల్లో చెప్పుకుంటారే, అప్పుడు సిగ్గెయ్యలేదా?"

అందరూ నవ్వారు. నవ్వకుండా చెయ్యెత్తినవాడు ఇళంగో. రెండో లైన్‌లోనే తొమ్మిదేళ్ళుగా ప్రెస్ ఆపరేటర్. వాలాజాబాద్ నుంచి కంపెనీ బస్సులో వస్తాడు. ముప్పైనాలుగేళ్ళుంటాయి. చేతివేళ్ళ సందుల్లో ఆయిల్ మరక స్థిరపడిపోయిన మనిషి. మాట తక్కువ.

"మేడం, మీ తప్పు వల్ల నష్టం జరిగిన సంగతి చెప్పమని ఒక ప్రశ్న ఉంటుందంట కదా. నిజంగా తప్పు చెప్తే మార్కులు పోవా?"

"చెప్తే పోవు. దాస్తే పోతాయి. 'నా తప్పేమిటంటే నేను పని ఎక్కువ చేస్తాను' అని ఒకడు అంటాడు చూడు, వాడికి ఒకటి. తప్పు ఒప్పుకుని, అందులో తన వంతేదో అడక్కముందే చెప్పి, ఇంకొకళ్ళ మీదికి నెట్టకుండా, ఆ తర్వాత తను ఏం మార్చుకున్నాడో చెప్పినవాడికి ఐదు."

"ఇంకొకళ్ళ మీదికి నెట్టకూడదు."

"నెట్టకూడదు. సాకులు చెప్పేవాడు లీడర్ ఎట్లా అవుతాడు?"

"నిజంగానే ఇంకొకళ్ళు చెయ్యమంటే చేసుంటే?"

"మీ వంతు మీరు చెప్పండి ఇళంగో. మిగతాది తవ్వి తియ్యడం నా పని. మొదటి జవాబుతో నేనెవర్నీ వదల్ను. మూడు ప్రశ్నలు పడతాయి. మూడోది తప్పకుండా పడుతుంది."

అతను తలూపి, జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి ఏదో రాసుకున్నాడు. శ్రద్ధగా వింటున్నాడని మురిసిపోయాను.

ఇంటర్వ్యూ నాడు నా పక్కన ప్యానెల్‌లో ప్రొడక్షన్ మేనేజర్ సౌందరరాజన్ కూర్చున్నారు. చెడ్డవాడని చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. వర్కర్ల ఇళ్ళలో పెళ్ళిళ్ళకు వెళ్ళేవాడు, శనివారం ఉపవాసం ఉండేవాడు, లోడు ఆలస్యమైతే మాత్రం మనిషి మారిపోయేవాడు. లారీ గేటు దాటే దాకా ఆయనకు దేవుడు కూడా గుర్తుకురాడు.

ఉదయం నలుగురయ్యారు. వాళ్ళలో ధనశేఖర్ అనే డిప్లొమా కుర్రాడి సంగతి ఒకటి చెప్పాలి. నున్నగా మాట్లాడతాడు. మీకంటే పెద్దవాడి పనిలో లోపం ఎత్తిచూపాల్సి వచ్చిన సందర్భం చెప్పమంటే, "నేనైతే మేడం, ముందు ఆయన అనుభవానికి గౌరవం ఇస్తాను" అని మొదలుపెట్టాడు.

"ఇస్తావు సరే. ఇచ్చావా? ఎవరికి?"

"అంటే... మా లైన్‌లో మేమంతా ఒక కుటుంబంలా..."

"కుటుంబంలో ఎవరికి?"

వాడు నీళ్ళ సీసా వైపు చూశాడు. రెండు వేశాను.

ఇళంగో మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చాడు. తలకు నూనె పెట్టి దువ్వుకుని, యూనిఫాం ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. మొదటి ప్రశ్న, ఇద్దరు తోటివాళ్ళ మధ్య గొడవ తీర్చిన సందర్భం.

"పోయినేడాది మే నెల మేడం. మురుగేశన్ అన్నకీ, బీహార్ నుంచి వచ్చిన రామ్‌ప్రవేశ్‌కీ ఫ్యాన్ దగ్గర గొడవ. నిలబెట్టే ఫ్యాను ఒకటే ఉంది. ఆయన ఇటు తిప్పుకుంటాడు, ఈయన అటు తిప్పుకుంటాడు. ఒకరోజు కాలర్లు పట్టుకున్నారు."

"మీరేం చేశారు?"

"ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టలా. కూర్చోబెడితే ఎవడూ తగ్గడు. టీ టైంలో రామ్‌ప్రవేశ్‌తో విడిగా మాట్లాడా. ఫ్యాను సంగతి కాదు మేడం. మురుగేశన్ అన్న అతన్ని పేరు పెట్టి పిలవడు. 'ఏయ్ పానీపూరీ' అంటాడు. అది అతనికి మంట."

"మురుగేశన్‌తో ఏమన్నారు? ఉన్నదున్నట్టు చెప్పండి."

"'అన్నా, నీ కొడుకు బెంగళూరులో పనిచేస్తున్నాడు కదా, వాణ్ని అక్కడివాళ్ళు ఇడ్లీ అని పిలిస్తే నీకెట్లా ఉంటుంది' అన్నా. లేచి వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి పేరు పెట్టి పిలుస్తున్నాడు. సగమే పలుకుతాడు, కానీ పిలుస్తున్నాడు."

"గొడవ నిజంగా తీరిందని మీకెట్లా తెలుసు?"

ఇది మూడో ప్రశ్న. చాలామంది ఇక్కడ "తీరింది మేడం, ఇప్పుడంతా బాగుంది" అంటారు.

"ఆగస్టులో రామ్‌ప్రవేశ్‌కి జ్వరమొచ్చి రాలేదు. ఆ సంగతి నాకు చెప్పింది మురుగేశన్ అన్న. పొద్దున్నే గదికెళ్ళి చూసొచ్చాడంట."

ఐదు వేశాను. బలమైన జవాబు అంటే ఇట్లా ఉంటుంది. అందులో పెద్ద పెద్ద మాటలుండవు. పేర్లుంటాయి, నెలలుంటాయి, ఎవరేమన్నారో ఉంటుంది. చివర్లో తన గొప్ప తను చెప్పుకోడు, జరిగింది చెప్తాడు. పక్కకు చూస్తే సౌందరరాజన్ గారు కూడా ఐదే వేసినట్టున్నారు. ఆ తర్వాతి రెండు ప్రశ్నలూ అంతే. ఉద్యోగం ఇతనిదే అని అప్పుడే అనుకున్నాను.

నాలుగోది తప్పు గురించిన ప్రశ్న.

ఇళంగో గొంతు మారింది. "ఒకసారి మేడం, రేకు కాయిల్ మందం చూసుకోకుండా ప్రెస్‌కి ఎక్కించా. నాలుగు వందల పీసులు పాడయ్యాయి. వెంటనే సూపర్‌వైజర్‌కి చెప్పి..."

"ఎప్పుడు?"

"రెండేళ్ళవుతుందేమో."

"ఎంత మందం ఉండాల్సింది, ఎంతుంది?"

అతను తడబడ్డాడు. తొమ్మిదేళ్ళు ప్రెస్ దగ్గరున్నవాడు మందం మర్చిపోడు. పైగా ఆ కథ నాకు తెలుసు. అది మూడో లైను జేవియర్ కథ, ఫ్యాక్టరీ అంతా చెప్పుకుంది. మూడు ప్రశ్నలకూ నిజం చెప్పిన మనిషి నాలుగోదానికి అరువు కథ ఎందుకు తెచ్చాడన్నది నేను ఆలోచించుకోవాల్సింది. ఆలోచించలేదు. దొరికాడన్న సంబరమే నాకెక్కువైంది.

"ఇది మీది కాదు ఇళంగో. అందమైన తప్పు నాకొద్దు. మీ తప్పు చెప్పండి. ఇప్పటికీ మిమ్మల్ని పీక్కు తినేది ఏదైనా ఉంటే అది చెప్పండి."

ఈ మాట నా కాగితంలో లేదు. నా సొంతం. ఎందరి దగ్గరో ఇట్లా అని ఎన్నో నిజాలు లాగాను.

అతను నా వైపు చూశాడు. సౌందరరాజన్ గారి వైపు చూడలేదు. చేతులు బల్ల కింద పెట్టుకున్నాడు.

"పళనివేల్ చెయ్యి మేడం" అన్నాడు.

పద్నాలుగు నెలల కిందటి మాట అది. పళనివేల్ కాంట్రాక్టు మనిషి, సెయ్యారు ఊరివాడు, నలభై దాటినవాడు. ఏప్రిల్‌లో ఒక శనివారం సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలకు రెండో లైను పెద్ద ప్రెస్ కింద కుడిచేతి నాలుగు వేళ్ళు పోగొట్టుకున్నాడు. ప్రెస్ ముందు కంటికి కనపడని కాంతి తెర ఒకటి ఉంటుంది. లైట్ కర్టెన్ అంటారు. చెయ్యి అడ్డొస్తే మిషన్ టక్కున ఆగాలి. ప్రమాదం తర్వాత పరీక్షిస్తే అది చక్కగా పనిచేస్తోంది. కాబట్టి పళనివేలే పక్క సందులోంచి చెయ్యి పెట్టి ఉంటాడని, తప్పు అతని అజాగ్రత్తదేనని రిపోర్టు రాశారు. రాశారు అంటున్నానేమిటి, కింద ఉన్న మూడు సంతకాల్లో ఒకటి నాదే. ఆ నెలాఖరుకే కాంట్రాక్టరు అతన్ని పనిలోంచి తీసేశాడు.

"ఆ రోజు తెర మాటిమాటికీ ఊరికే ఆపేస్తోంది మేడం. దాన్ని పట్టే బిగింపు వదులైంది. ప్రెస్ అదిరినప్పుడల్లా ఆగిపోతోంది. లారీ వచ్చి నిలబడుంది. నేను బైపాస్ తాళం తిప్పా. తెర పనిచెయ్యడం ఆగింది, ప్రెస్ ఆగకుండా నడిచింది. ఒక గంట నడిచింది. పీసు ఇరుక్కుంటే పళనివేల్ తియ్యబోయాడు. ముందు అట్లాగే తీసేవాడు, తెర ఉంది కదా, చెయ్యి పెడితే ఆగుతుందని. నేను తాళం తిప్పానని అతనికి తెలియదు. నేను చెప్పలా."

"మీరు స్వయంగా తిప్పారా?" అది మొదటి ప్రశ్న.

"నేనే. ఈ చేత్తోనే."

"అతనికి ఎందుకు చెప్పలేదు?" రెండోది.

"చెప్తే చెయ్యనంటాడని."

నేను రాస్తున్నాను. పక్కన సౌందరరాజన్ గారి పెన్ను ఆగిపోయింది.

ఇక మూడోది. తాళంచెవి మీకు ఎవరిచ్చారు? ప్రెస్ షాపులో టీ ఇచ్చేవాణ్ని అడిగినా చెప్తాడు, ఆ తాళంచెవి ప్రొడక్షన్ మేనేజర్ గదిలో గోడ డబ్బాలో ఉంటుంది. అచ్చు మార్చేటప్పుడు తప్ప బయటకు రాదు. సంతకం పెట్టి తీసుకోవాలి. ఆ రోజు పుస్తకంలో ఎవరి సంతకమూ లేదని నాకు తెలుసు, రిపోర్టు రాసినప్పుడు నేనే చూశాను. తాళంచెవి బయటకే రాలేదనడానికి దాన్నే రుజువుగా పెట్టాం. మరి ఆపరేటర్ చేతికి ఎట్లా వచ్చింది? ప్రమాదం తర్వాత తెరను మళ్ళీ ఎవరు బాగుచేశారు?

ఇళంగో నా వైపే చూస్తున్నాడు. సాకులు చెప్పలేదు. ఎవరి మీదికీ నెట్టలేదు. నేను నేర్పింది నేర్పినట్టే చేసి, నా వంతు కోసం చూస్తున్నాడు.

నాకు భయం వేసింది. దానికి ఇంకో పేరు లేదు. పక్కన కూర్చున్న మనిషికీ నాకూ మధ్య జానెడు దూరం ఉంది. రిపోర్టు మీద నా సంతకం ఉంది. ఆ ప్రశ్న అడిగితే జవాబు వస్తుందని నాకు తెలుసు, వస్తే నేను రాసుకోవాలి, రాస్తే అది ఎక్కడికి పోతుందో తెలుసు.

"ఈ సంఘటన నుంచి మీరేం నేర్చుకున్నారు?" అన్నాను.

అది కూడా కాగితంలో ఉన్న ప్రశ్నే. కాకపోతే ఆఖరున, అన్నీ అయ్యాక అడగాల్సింది.

నేను ఇంకా ఏదో అడుగుతానన్నట్టు చూశాడు. తర్వాత కళ్ళు దించుకున్నాడు.

"అప్పట్నుంచి షిఫ్టు మొదలవగానే టెస్ట్ కడ్డీ తెరలో అడ్డం పెట్టి చూస్తా మేడం, మూడు చోట్ల. పైన, మధ్యలో, కింద. ప్రెస్ ఆగితేనే మొదలుపెడతా. నా ప్రెస్ ఒకటే కాదు, లైన్‌లో అన్నీ. నా పని కాదు అది. టీమ్ లీడర్ అయితే నా పనవుతుంది. అందుకే అర్జీ పెట్టా. తెర ఆగిపోతే లైను ఆపే హక్కు లీడర్‌కి ఉంటుంది. ఇంకొకడు నా ప్రెస్ దగ్గరకొచ్చి..." అక్కడ ఆగాడు. "ఆపుతా మేడం. అంతే."

"థాంక్యూ ఇళంగో" అన్నాను. అతను లేచి ఇద్దరికీ దండం పెట్టి వెళ్ళాడు.

మార్కుల కాగితం నింపాం. బాధ్యత వహించడం అన్న గడిలో నేను ఐదు వేశాను. సౌందరరాజన్ గారు ఒకటి వేశారు.

"ఒకటేమిటి సార్?"

"ఏమిటంటారేం మేడం? మనిషి చెయ్యి పోవడానికి కారణం తనేనని ఒప్పుకున్నాడు. ఇట్లాంటివాణ్ని లీడర్ చేస్తామా?" ఆయన గొంతులో తడబాటు లేదు. "కళ్ళల్లో నీళ్ళొచ్చాయి నాకైతే. పాపం పళనివేల్. మనం అతన్ని అనవసరంగా అనుమానించాం."

నేను ఆయన మొహంలోకి చూశాను. నిజంగానే కళ్ళు తడిగా ఉన్నాయి. మనిషి తనకు తాను చెప్పుకునే అబద్ధానికి మూడో ప్రశ్న ఎవరు వేస్తారు?

"సార్, ఆ తాళంచెవి..." అన్నాను.

"ఆఁ, చెప్పండి."

"ఏం లేదు."

"మీ నోట్సు మాత్రం జాగ్రత్త మేడం. మాటకు మాట రాస్తారు మీరు. అవే పనికొస్తాయి" అన్నారు ఆయన లేస్తూ.

నాలుగో రోజున ఇళంగోని సస్పెండ్ చేశారు. భద్రతా పరికరాన్ని ఉద్దేశపూర్వకంగా పనిచెయ్యకుండా చేయడం, ఆ నిజాన్ని దాచడం. కాగితం టైపు చేసి ఇచ్చింది నా డిపార్టుమెంటే. టీమ్ లీడర్ ఉద్యోగం ధనశేఖర్‌కి వచ్చింది.

విచారణకు కాంచీపురం నుంచి ఒక వకీలును పిలిపించారు. పెద్దమనిషి, చెవి కొంచెం తక్కువ. ఇళంగో తరఫున మాట్లాడడానికి మురుగేశన్ వచ్చాడు. తోటి వర్కర్‌ని తెచ్చుకోవచ్చు, అది పద్ధతి. మురుగేశన్‌కు ఫ్యాను కోసం కొట్లాడడం తెలుసు గానీ వకీలుతో కొట్లాడడం తెలియదు.

అక్కడ ఇళంగో చెప్పాడు. తాళంచెవి సౌందరరాజన్ సారే స్వయంగా తెచ్చి తన చేతిలో పెట్టారని, "ఒక్క గంట, లారీ వెళ్ళిపోనీ" అన్నారని, పళనివేల్‌ని ఎత్తుకుని అంబులెన్సు దాకా వెళ్ళి వచ్చేసరికి తాళం మళ్ళీ వెనక్కి తిప్పేసి ఉందని, తాళంచెవి లేదని.

వకీలు నా నోట్సు తిరగేశారు. "ఇంటర్వ్యూలో ఈ మాట చెప్పలేదేం?"

"అడగలేదు సార్."

"మిమ్మల్ని తప్పేమిటని అడిగారు, మీ అంతట మీరే తాళం తిప్పానన్నారు. ఎవరో తిప్పమన్నారన్న మాట అప్పుడెందుకు రాలేదు? ఇప్పుడు ఉద్యోగం మీదికొచ్చాక అల్లుతున్నారా?"

మురుగేశన్ లేచి, "అయ్యా, వీడికి అల్లడం వస్తే ఎప్పుడో సూపర్‌వైజర్ అయ్యేవాడు" అన్నాడు. వకీలుకు వినపడలేదో, వినపడనట్టు ఉన్నారో.

తర్వాత నన్ను పిలిచారు.

"ఇవి మీ చేతిరాతేనా?"

"అవును."

"అతను చెప్పిన మాటలు చెప్పినట్టే రాశారా?"

"రాశాను."

"ఇంటర్వ్యూలో ఇంకెవరి పేరైనా చెప్పాడా?"

"లేదు."

"చాలమ్మా, వెళ్ళండి."

అంతే. మూడు ప్రశ్నలు. మూడింటికీ నిజమే చెప్పాను. అట్లాంటి ప్రశ్నల్ని నేను క్యాంటీన్‌లో ఎగతాళి చేసేదాన్ని. అవుననీ కాదనీ తేలిపోయే ప్రశ్న అడిగితే మనిషి దాని వెనక హాయిగా దాక్కుంటాడని చెప్పేదాన్ని. తాళంచెవి ఎవరి గదిలో ఉంటుందో ఆయన అడగలేదు. నేను అడగమనలేదు. లేచి, కుర్చీ చప్పుడు కాకుండా వెనక్కి జరిపి, బయటికొచ్చేశాను.

ఇళంగో పోయిన మంగళవారం వచ్చాడు, ఉద్యోగంలోంచి తీసేసిన తుది కాగితాల మీద సంతకాలు పెట్టడానికి. యూనిఫాంలు రెండూ ఉతికి మడతపెట్టి తెచ్చాడు. బూట్లు ఒక సంచిలో, గుర్తింపు కార్డు పైన పెట్టి ఇచ్చాడు. నేను చూపించిన చోటల్లా సంతకం పెట్టాడు. కళ్ళెత్తి అతని వైపు చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. టీ తాగుతారా అన్నాను. వద్దన్నాడు.

"పళనివేల్ దగ్గరకెళ్ళొచ్చా మేడం" అన్నాడు తనే. "అంతా చెప్పా."

"ఏమన్నాడు?"

"ఏమన్లా. వాళ్ళావిడ అరిచింది. అరవాలి కదా. ఆయన మాత్రం ఒకటే అడిగాడు, నా తప్పు కాదని ఎక్కడైనా రాశారా అని. మేడం రాసుకున్నారు, మేడం దగ్గరుంది అని చెప్పా." అతను ఆగాడు. "ఉంది కదా?"

"ఉంది" అన్నాను. నోట్సు విచారణ ఫైల్లో ఉంది. ఫైలు సౌందరరాజన్ గారి గదిలో ఉంది. పాత రిపోర్టు పాత రిపోర్టులాగే ఉంది, ఎవరూ దాన్ని తిరగరాయలేదు.

అతను లేచి తలుపు దాకా వెళ్ళాడు. మళ్ళీ వెనక్కి తిరిగాడు.

"ఒకటి అడగొచ్చా మేడం? ఆ జవాబుకి మీరు ఎన్ని వేశారు?"

"ఐదు."

"ఐదుకి ఐదా?"

"అవును ఇళంగో."

అతను తలూపాడు. సంతోషపడ్డాడో లేదో తెలియదు గానీ, లెక్క సరిపోయినట్టు తలూపాడు. జేబులోంచి ఆ చిన్న నోట్‌బుక్ తీశాడు. క్యాంటీన్‌లో రాసుకున్న పేజీ తెరిచి నా బల్ల మీద పెట్టాడు. వంకరటింకర అక్షరాలు. నా వంతు నేను చెప్పాలి. నెట్టకూడదు. మూడోది మేడం అడుగుతారు.

"ఆ రోజు మీరడుగుతారని చూశా మేడం" అన్నాడు. కోపం లేదు గొంతులో. కోపం ఉంటే నాకు తేలికయ్యేది. "ఊరికే తెలుసుకుందామని. ఎందుకడగలేదు?"

నా ఎదురుగా బల్ల మీద నీళ్ళ సీసా ఉంది. దాన్ని అందుకుని మూత తిప్పాను.

అతను నోట్‌బుక్ తీసి జేబులో పెట్టుకుని, రెండున్నర బస్సు అందుకోవాలని చెప్పి వెళ్ళిపోయాడు.